తాగిన రాత్రి కాదు, తెల్లారాక ఫిట్స్: మద్యానికీ మూర్ఛ మాత్రలకూ మధ్య ఏం జరుగుతుంది?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఫిట్స్ మాత్రలు వాడే వారి ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "రాత్రి మందు తాగిండు, దాని మీద గోలీ ఎట్ల ఏస్తం? రియాక్షన్ అయితది." జాగ్రత్త కోసం అన్నట్టే ఉంటుంది గానీ, మూర్ఛ ఉన్నవాళ్లలో చాలామందికి తాగిన మర్నాడు ఫిట్స్ రావడం వెనక ఈ మాట హస్తం పెద్దదే. మద్యం ఒక దెబ్బ, మానేసిన మాత్ర రెండో దెబ్బ. రెండూ ఒకే సమయానికి తగులుతాయి. ఆ సమయం తాగుతున్నప్పుడు కాదు, మత్తు దిగుతున్నప్పుడు.

ఈ గడియారం అర్థమైతే మిగతా విషయాలు సులువుగా అర్థమవుతాయి. ముందు దాన్నే చూద్దాం.

మెదడుకూ ఒక కట్ట ఉంటుంది

మెదడులోని కణాలు విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. వాటిని ఉత్తేజపరిచే రసాయనం గ్లుటమేట్, శాంతపరిచే రసాయనం గాబా. ఈ రెండూ సమతూకంలో ఉన్నంతకాలం సంకేతాలు అదుపులో ఉంటాయి. ఒక్కసారిగా చాలా కణాలు కలిసి పేలినట్టు స్పందిస్తే వచ్చేదే ఫిట్.

చెరువుకు కట్ట ఉన్నట్టు, ఈ పేలుడును ఆపే హద్దు ప్రతి మెదడుకూ ఉంటుంది. ఎవరి మెదడుకైనా ఫిట్ వచ్చే అవకాశం ఉంది. చాలామందికి కట్ట ఎత్తుగా ఉంటుంది కాబట్టి జీవితకాలంలో ఒక్కసారి కూడా రాదు. మూర్ఛ ఉన్నవారిలో కట్ట తక్కువ ఎత్తులో ఉంటుంది. మాత్రలు చేసే పని ఆ కట్టను రోజూ కొంత ఎత్తు పెంచి ఉంచడం. నిద్ర లేకపోవడం, తీవ్రమైన జ్వరం, రక్తంలో చక్కెర లేదా సోడియం పడిపోవడం, మాత్ర మానేయడం, మద్యం దిగడం దాన్ని కోసేస్తాయి.

ఇక్కడో చిక్కు ఉంది. మద్యం ఒంట్లో ఉన్నంతసేపూ అది గాబాకు తోడుగా పనిచేస్తుంది, గ్లుటమేట్‌ను అణిచిపెడుతుంది. అంటే కాసేపు కట్టను పెంచినట్టే ఉంటుంది. అందుకే "తాగినప్పుడు ఏం కాలే, మంచిగనే ఉండె" అని ఇంట్లోవాళ్లు చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మెదడు మాత్రం ఊరుకోదు. ఈ అణచివేతకు ఎదురుగా తన ఉత్తేజాన్ని పెంచుకుంటుంది. మద్యం దిగిపోయాక అణచివేత పోతుంది, పెంచుకున్న ఉత్తేజం మాత్రం వెంటనే తగ్గదు. ఆ కొన్ని గంటలే ప్రమాదకరం. రోజూ తాగేవారిలో ఈ మార్పు నెలల తరబడి గట్టిపడి ఉంటుంది. గాబా గ్రాహకాల స్పందన తగ్గి, గ్లుటమేట్ గ్రాహకాలు పెరిగి ఉంటాయి కాబట్టి వారిలో ఎదురుదెబ్బ మరీ తీవ్రం.

ఒక ఆదివారం రాత్రి లెక్క

కరీంనగర్ పక్కన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే 34 ఏళ్ల వ్యక్తి ఉన్నాడనుకుందాం. ఇది నిజంగా జరిగిన ఒక మనిషి కథ కాదు, లెక్క తేలడానికి తీసుకున్న ఉదాహరణ. అతను లెవెటిరాసెటామ్ 500 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి వేసుకుంటాడు. రెండేళ్లుగా ఫిట్ రాలేదు. ఆదివారం బంధువుల ఇంట్లో దావత్. పొద్దున మాత్ర వేసుకున్నాడు, రాత్రిది వేసుకోలేదు. ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా క్వార్టర్‌న్నర విస్కీ తాగాడు. ఒంటి గంటకు పడుకున్నాడు, నాలుగింటికి దాహం, వాంతితో లేచాడు, మళ్లీ సరిగ్గా నిద్ర పట్టలేదు. సోమవారం ఉదయం ఏడున్నరకు బాత్రూంలో పడిపోయాడు.

ముందు మద్యం లెక్క చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది, సీసా మీదే రాసి ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. క్వార్టర్‌న్నరలో సుమారు 90 గ్రాములు. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే తొలగించగలదు. తాగుతున్న మూడు గంటల్లో 20–30 గ్రాములు పోయినా, పదకొండున్నరకు ఇంకా 60–70 గ్రాములు మిగులుతాయి. అవి పోవడానికి ఆరు నుంచి పది గంటలు పడుతుంది. అంటే తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఉదయం తొమ్మిదిన్నర మధ్య ఎప్పుడో మద్యం పూర్తిగా దిగిపోతుంది. చల్లనీళ్ల స్నానం, నిమ్మరసం, కాఫీ ఈ వేగాన్ని పెంచవు.

ఇప్పుడు మాత్ర లెక్క. లెవెటిరాసెటామ్ పెద్దవారి రక్తంలో ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి సగానికి పడిపోతుంది. ఏడు గంటలు అనుకుంటే, ఆదివారం పొద్దున వేసుకున్న మాత్ర మధ్యాహ్నం మూడింటికి సగం, రాత్రి పదింటికి పావు, సోమవారం తెల్లవారుజామున ఐదింటికి ఎనిమిదో వంతు. ఏడున్నరకు దాదాపు ఏమీ లేనట్టే.

మద్యం దిగిపోయే వేళకే మాత్ర కూడా అడుగంటింది. దానికి తోడు నిద్ర చెడింది. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. నిద్రలేమి ఒక్కటే కొందరికి ఫిట్ తెప్పించగలదు. ముఖ్యంగా పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి టీ గ్లాసు జారిపోయే రకం మూర్ఛ ఒకటుంది, సాధారణంగా టీనేజీలో మొదలవుతుంది. వారికి రాత్రి మెలకువ, మద్యం రెండూ కలిస్తే మర్నాడు ఉదయం ఫిట్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

ఆ ఉదయం అతనికి ఫిట్ ఎందుకొచ్చింది అంటే "విస్కీ పడలేదు" అన్నది సగం జవాబే. మిగతా సగం ఎనిమిదింటికి వేసుకోని మాత్రలో ఉంది.

బెర్లిన్‌లోని చారిటే ఆసుపత్రి వైద్యులు మూర్ఛ రోగులను ఇదే విషయం అడిగి 2018లో ఫలితాలు ప్రచురించారు. 310 మందిలో 204 మంది గత ఏడాదిలో మద్యం తాగినవారు. వారిలో 37 మంది తమకు మద్యం వల్ల ఎప్పుడో ఒకసారి ఫిట్ వచ్చిందని చెప్పారు. దాదాపు అందరూ ఏడు లేదా అంతకంటే ఎక్కువ ప్రామాణిక పెగ్గులు తాగాకే వచ్చిందని, తాగడం ఆపిన 12 గంటల్లోపే వచ్చిందని అన్నారు. ఏడు ప్రామాణిక పెగ్గులంటే మన కొలతలో క్వార్టర్‌కు కాస్త పైచిలుకు. అక్కడ 'అతిగా తాగడం' అనిపించేది ఇక్కడి దావత్‌లో మామూలు కోటా.

"ఒకటో రెండో పెగ్గులు పర్వాలేదా?" అని చాలామంది అడుగుతారు. ఫిట్స్ అదుపులో ఉండి, మాత్ర తప్పకుండా వేసుకునే కొందరికి ఆ కొద్దిపాటి మోతాదు వల్ల ఫిట్స్ పెరగకపోవచ్చని కొందరు వైద్యులు అంటారు. అది చిన్న పెగ్గు లెక్క, 30 మిల్లీలీటర్లు. మన దగ్గర మద్యం క్వార్టర్ సీసాల్లో దొరుకుతుంది, సీసా తెరిస్తే ఖాళీ చేయడమే అలవాటు. అందుకే ఇక్కడి డాక్టర్లు "అసలు ముట్టొద్దు" అని చెప్పడంలో అతిశయోక్తి లేదనిపిస్తుంది. ఫెనోబార్బిటోన్, క్లోబజామ్ వాడేవారికైతే ఆ ఒకటి రెండు పెగ్గుల మినహాయింపు కూడా వర్తించదు.

ఏ మాత్రతో ఏం జరుగుతుంది

మూర్ఛ మాత్రలన్నీ మద్యంతో ఒకేలా ప్రవర్తించవు. చీటీలో ఏ పేరు ఉందో చూసుకోవాలి.

ఫెనోబార్బిటోన్ చాలా పాత మందు, చవక. పల్లెల్లో ఇప్పటికీ వాడుతున్నారు. క్లోబజామ్, క్లోనజెపామ్ వేరే జాతివి. ఈ మూడూ గాబా మీదే పనిచేస్తాయి, మద్యం కూడా అక్కడే. ఒకే పగ్గాన్ని ఇద్దరు లాగినట్టు, రెండూ కలిస్తే మత్తు రెట్టింపవుతుంది, శ్వాస మందగిస్తుంది. పిలిస్తే పలకకపోవడం, గురక మధ్యలో శ్వాస ఆగి ఆగి రావడం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే "నిషాల పండుకున్నడు, పొద్దుగాల లేస్తడు" అని వదిలేయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఈ మందుల్లోనే రెండో ప్రమాదం ఉంది. వీటిని ఒక్కసారిగా ఆపితే, మద్యం ఆపినట్టే మెదడు ఎదురు తిరుగుతుంది. పెళ్లి అనో, జాతర అనో వారం రోజులు తాగుతూ ఆ వారం ఫెనోబార్బిటోన్ మానేసినవారు ఒకేసారి రెండు ఆసరాలు కోల్పోతారు. ఫెనోబార్బిటోన్ రక్తంలో సగానికి తగ్గడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది కాబట్టి మొదటి రెండు రోజులు ఏమీ కాదు. "మానేసినా మంచిగనే ఉన్న" అనిపిస్తుంది. వారం చివర మద్యం కూడా ఆగినప్పుడు ఆగకుండా ఫిట్స్ వచ్చే పరిస్థితి రావచ్చు.

ఫెనిటాయిన్ కథ వేరు. ఒక్కసారి ఎక్కువగా తాగితే కాలేయం మద్యంతో తీరిక లేకుండా ఉండి ఈ మందు రక్తంలో పేరుకోవచ్చు. నెలల తరబడి రోజూ తాగితే కాలేయం దాన్ని వేగంగా విరగ్గొట్టడం నేర్చుకుంటుంది, అదే మోతాదు సరిపోకుండా పోతుంది. పైగా ఫెనిటాయిన్ మోతాదు కొంచెం పెరిగినా రక్తంలో దాని పరిమాణం అమాంతం పెరిగే స్వభావం ఉన్న మందు. అది ఎక్కువైతే నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, వస్తువులు రెండుగా కనిపిస్తాయి, కనుగుడ్లు అటూ ఇటూ ఊగుతాయి. చూసేవారికి అచ్చం తాగినట్టే ఉంటుంది. తాగలేదని ఒట్టు పెట్టుకుంటున్న మనిషిని ఇంట్లోవాళ్లు తిట్టే ముందు, రక్తంలో ఫెనిటాయిన్ స్థాయి పరీక్ష ఉందని గుర్తుచేసుకోవాలి.

తాగుడు మాన్పించడానికి తెలియకుండా అన్నంలోనో చాయ్‌లోనో కలిపే మందు చాలాసార్లు డైసల్ఫిరామ్. అది ఫెనిటాయిన్ కాలేయంలో విరగకుండా అడ్డుకుంటుంది, రక్తంలో దాని స్థాయి పెరిగిపోతుంది. అదే సమయంలో ఫిట్స్ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మనసు మంచిదే అయినా, మూర్ఛ ఉన్న మనిషికి చెప్పకుండా ఈ పని చేయడం ప్రమాదకరం. డైసల్ఫిరామ్ ఇవ్వాలా వద్దా అన్నది రోగికి తెలిసి, డాక్టర్ పర్యవేక్షణలో తేలాల్సిన విషయం.

సోడియం వాల్‌ప్రొయేట్ వాడేవారు కాలేయం గురించి ఆలోచించాలి. మందు, మద్యం రెండూ అక్కడే భారం వేస్తాయి. కళ్లు పచ్చబడటం, తగ్గని వాంతులు, అసాధారణమైన మగత కనిపిస్తే పరీక్ష చేయించుకోవాలి. కార్బమజెపైన్‌తో కళ్లు తిరగడం, తూలడం మద్యంతో పెరుగుతాయి. ఈ మందు కొందరిలో సోడియం తగ్గిస్తుంది. అలాంటివారు ఏమీ తినకుండా బీరు మీద బీరు తాగితే సోడియం మరింత పడిపోవచ్చు, దానివల్లే ఫిట్ రావచ్చు. లెవెటిరాసెటామ్‌కు కాలేయంతో పెద్దగా పని లేదు, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. మద్యంతో నేరుగా గొడవ తక్కువే గానీ మగత, చిరాకు పెరుగుతాయి. అది త్వరగా దిగిపోయే మందు కాబట్టి ఒక్క పూట మానినా తేడా తెలుస్తుంది, పైన లెక్కలో చూసినట్టు.

మరి తాగిన రాత్రి మాత్ర వేసుకోవాలా? మనిషి మెలకువగా, మింగగలిగే స్థితిలో ఉంటే రోజువారీ మూర్ఛ మాత్ర మానకూడదు. మానడమే ఎక్కువ ప్రమాదం. పూర్తిగా మత్తులో ఉన్న మనిషి నోట్లో మాత్ర, నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఫెనోబార్బిటోన్, క్లోబజామ్, క్లోనజెపామ్ వాడేవారు, అలాంటి రాత్రి ఏం చేయాలో తాగని రోజునే తమ డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. రాత్రిది మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్ర సమయం దగ్గరపడితే దాన్నే వేసుకోవాలి గానీ, రెండూ కలిపి మింగకూడదు.

కల్లులో దాగిన గోలీ

విస్కీ లెక్క ఇది. ఉత్తర తెలంగాణలో అసలు చిక్కు కల్లు దగ్గర వస్తుంది. చెట్టు నుంచి దించిన తాటి కల్లు, ఈత కల్లులో ఆల్కహాల్ విస్కీ కంటే చాలా తక్కువ. కానీ దుకాణాల్లో దొరికే కల్లు అంతా చెట్టు నుంచి దించింది కాదు. డిమాండ్‌కు సరిపడా చెట్లు లేనిచోట నీళ్లు, చక్కెర, శాకరిన్‌తో పాటు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలుపుతారు. ఎక్సైజ్ అధికారులు ఏళ్లుగా పట్టుకుంటున్నవి ఈ మూడే. జనం దీన్ని 'మందు కల్లు' అంటారు, పత్రికలు 'కల్తీ కల్లు' అని రాస్తాయి.

డైజిపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ మూడూ గాబా మీద పనిచేసేవే. అంటే రోజూ రెండు సీసాల కల్లు తాగే మనిషి, తనకు తెలియకుండానే మోతాదు తెలియని నిద్రమాత్ర వేసుకుంటున్నాడు. అది ఫెనోబార్బిటోన్‌తోనో క్లోబజామ్‌తోనో కలిస్తే పైన చెప్పిన శ్వాస ప్రమాదమే. ఇంకో దెబ్బ, కల్లు దొరకని రోజు. అల్ప్రజోలం త్వరగా దిగిపోయే మందు. ఒకటి రెండు రోజుల్లోనే చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్. డైజిపామ్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి అదే ఘోరం నాలుగైదు రోజులు, కొన్నిసార్లు వారం తర్వాత రావచ్చు. "కల్లు బందు చేసి వారమైంది, ఇప్పుడెందుకొస్తయ్ ఫిట్స్?" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

తెలంగాణ దీన్ని పెద్ద ఎత్తున రెండుసార్లు చూసింది. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేయగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వణుకు, వింత ప్రవర్తన, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూతపడ్డాక హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగుల తాకిడి పెరిగింది. మద్యం దుకాణాలు మళ్లీ తెరుచుకుంది మే 6న. వచ్చినవారిలో చాలామందికి అంతకుముందు మూర్ఛ లేదు. మూర్ఛ ఉన్నవారికి ఇలాంటి హఠాత్తు ఆపుదల ఎంత ప్రమాదమో వేరే చెప్పాల్సిన పని లేదు.

ఒక విషయం చెప్పాలి. ఇక్కడ కల్లు మగవాళ్లకే పరిమితం కాదు. పొలం పని, బీడీల పని చేసే ఆడవాళ్లు చాలామంది సాయంత్రం తాగుతారు. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆ మాట బయటకు రాదు, వెంట వచ్చినవారూ చెప్పరు. ఫిట్స్ అదుపు కావడం లేదని మోతాదు పెంచుతూ పోతారు. కారణం మాత్రం సాయంత్రం సీసాలో ఉంటుంది. ఉట్నూర్ వైపు ఏజెన్సీ గూడేల్లో ఇప్పపువ్వు సారా తాగేవారి విషయంలోనూ మొదట అడగాల్సింది ఇదే. ఎంత బలమైన సారా అన్నది కాచినవారిని బట్టి మారుతుంది, సీసా మీద శాతం రాసి ఉండదు కాబట్టి పై లెక్క వేయడం కుదరదు.

మొదటి ఫిట్‌ను 'తాగుడు ఫిట్' అని కొట్టిపారేయవద్దు

రోజూ తాగే మనిషి మానేశాక వచ్చే ఫిట్స్ సాధారణంగా చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 48 గంటల్లో వస్తాయి. ఒళ్లంతా ఒకేసారి బిగుసుకుని కొట్టుకుంటుంది, ఒకటి రెండుసార్లు వచ్చి ఆగవచ్చు. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల మధ్య తీవ్రమైన అయోమయం, భయం, చెమటలు, పురుగులు పాకుతున్నట్టు అనిపించడం మొదలైతే అది డెలీరియం ట్రెమెన్స్. చికిత్స లేకపోతే ప్రాణాలు తీస్తుంది. ఇది ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితి, ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసేది కాదు.

ఇలాంటి ఫిట్స్‌కు వాడేది లోరజెపామ్, డైజిపామ్ వంటివి, క్రమంగా తగ్గిస్తూ. వాటితో పాటు విటమిన్ బి1, అంటే థయామిన్ ఇంజెక్షన్. ఫెనిటాయిన్ మద్యం మానడం వల్ల వచ్చే ఫిట్స్‌ను ఆపదు. అందుకే తాగుడు మానేశాక ఒక్క ఫిట్ వచ్చిందని ఇంట్లో ఎవరిదో పాత చీటీ చూసి ఫెనిటాయిన్ కొని వాడటం వల్ల లాభం లేదు. ఇలా మానడం, మొదలుపెట్టడం, మళ్లీ మానడం పదే పదే జరిగితే ప్రతిసారీ ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతూ పోతుంది.

ఫిట్ ఒక వైపు చేయి లేదా ముఖం నుంచి మొదలైనా, వచ్చాక ఒక వైపు బలం తగ్గినా, తల తగిలినా, జ్వరం ఉన్నా, ఎన్ని గంటలైనా స్పృహ రాకపోయినా తాగుడు ఒక్కటే కారణం అనుకోకూడదు. తాగినవారు పడిపోయి తలలో నెమ్మదిగా రక్తం చేరడం తరచూ జరిగేదే. రక్తంలో చక్కెర, సోడియం చూడాలి, తల స్కానింగ్ తీయించాలి.

ఎవరికి ఫిట్ వచ్చినా చేయాల్సింది కొంచెమే. పక్కకు తిప్పాలి, తల కింద మెత్తనిది పెట్టాలి, గడియారం చూడాలి. చేతిలో తాళాల గుత్తి పెడితే ఫిట్ ఆగదు. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. తాగిన మనిషికి వాంతి అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి వెల్లకిలా ఉంచడం మరీ ప్రమాదం. ఐదు నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే రెండోది వచ్చినా 108.

ఎక్కడికి వెళ్లాలి, ఏం చెప్పాలి

ఉమ్మడి కరీంనగర్‌వారికి కరీంనగర్‌లోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, ఉమ్మడి ఆదిలాబాద్‌వారికి ఆదిలాబాద్ రిమ్స్ పెద్ద సర్కారు దవాఖానలు. జనరల్ మెడిసిన్, మానసిక వైద్యం రెండూ ఒకే ప్రాంగణంలో ఉండటం ఈ జబ్బుకు అవసరం. ఫిట్స్ చూసేది ఒకరు, తాగుడు మాన్పించేది మరొకరు అయితే మందులు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. రెండు చీటీలూ ఇద్దరికీ చూపించాలి.

ఫెనోబార్బిటోన్, ఫెనిటాయిన్, కార్బమజెపైన్, సోడియం వాల్‌ప్రొయేట్, లెవెటిరాసెటామ్ అన్నీ జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్నవే. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మీ మాత్ర దొరుకుతుందో లేదో అయిపోవడానికి వారం ముందే అడగాలి. ఒక కంపెనీది దొరకక ఇంకొకటి తెచ్చుకున్నా రోజు తప్పకూడదు.

రోజూ తాగేవారు, మందు కల్లు తాగేవారు "రేపటి నుంచి బందు" అని ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు. ముఖ్యంగా ఇంతకుముందు ఫిట్ వచ్చినవారు. ఆసుపత్రిలో చేరి, మందుల సాయంతో ఆపాలి. ఏ దవాఖానకు పోవాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మద్యం, మత్తు అలవాటుకు సంబంధించిన జాతీయ హెల్ప్‌లైన్ 14446.

డ్యూటీ డాక్టర్‌కు ముందుగా నాలుగు విషయాలు చెబితే సగం పరీక్షలు సూటిగా సాగుతాయి. చివరిగా ఎప్పుడు తాగాడు, ఏం తాగాడు, ఎంత. చివరి మూర్ఛ మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు, దాని పేరు. ఎన్ని గంటలకు ఫిట్ వచ్చింది, ఎంతసేపు. తల తగిలిందా. కల్లు అయితే ఏ దుకాణంలో తాగుతాడో కూడా చెప్పాలి. అందులో ఏం కలిసి ఉందో అనుమానిస్తే మూత్ర పరీక్ష చేయించవచ్చు.

పై ఉదాహరణలోని గ్రానైట్ కార్మికుడి విషయానికొస్తే, అతని భార్య సోమవారం ఉదయం డాక్టర్‌తో "జ్వరం లేదు, ఏం లేదు, ఉట్టిగనే పడిపోయిండు" అని చెప్పిందనుకోండి. డాక్టర్ లెవెటిరాసెటామ్ మోతాదు పెంచుతారు. మాత్రల పెట్టెలో మిగిలిపోయిన ఒక్క మాత్ర సంగతి ఎవరికీ తెలియదు. వచ్చే దావత్‌కు పెంచిన మోతాదు మాత్రను కూడా అతను మళ్లీ పక్కన పెడతాడు. అదే ఆమె "రాత్రి క్వార్టర్‌న్నర తాగిండు, ఎనిమిదింటి గోలీ ఏసుకోలే" అని చెబితే, మోతాదు మార్చాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.